కాంట్రాక్టరుకు ఆఖరి వాయిదా ఆపుతూ ఉత్తరం రాయడం ఎలా

ఇల్లు తొంభై పాళ్లు అయ్యాక కాంట్రాక్టరు రావడం తగ్గిస్తాడు. మిగిలేవన్నీ చిల్లర పనులు. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్, పార్కింగ్ టైల్స్, బయట రెండో కోటు రంగు, ఒక బాత్‌రూములో కుళాయిలు. ఒక్కోదానికి ఒక్కో మేస్త్రీని తేవాలి, పైగా మిగులు తక్కువ. అప్పటికే కూలీలు ఇంకో సైటుకు వెళ్లిపోయి ఉంటారు. ఆయన "ముందు బిల్లు క్లియర్ చెయ్యండి, రెండ్రోజుల్లో చేసేస్తా" అంటాడు. మీరు "ముందు పని కానివ్వండి" అంటారు. ఈ మాట ఫోన్లో నెలల తరబడి నడుస్తుంది. చివరికి ఎవరు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు.

దీన్ని తేల్చేది ఉత్తరమే, అయితే అది బెదిరింపులా ఉండకూడదు. "ఈ అయిదు పనులు మిగిలాయి, మీకు రావలసింది ఇంత, అవి అయిన మూడో రోజు డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అని లెక్క చెప్పాలి. ఇంజనీరుకో, ఊళ్లో పెద్దమనిషికో, రేపు లాయరుకో చూపిస్తే, మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా సంగతి వాళ్లకు అర్థం కావాలి. సొంత స్థలంలో కాంట్రాక్టరు చేత ఇల్లు కట్టించుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. బిల్డరు దగ్గర ఫ్లాటు కొన్నవాళ్ల దారి వేరు.

1. ఆఖరి వాయిదా ఎప్పుడివ్వాలని రాసుకున్నారో చూడండి

ముందు అగ్రిమెంటు తీసి వాయిదాల పట్టిక చూడండి. ఆఖరి వాయిదా పక్కన "అన్ని పనులూ పూర్తయి తాళాలు అప్పగించాక" అని ఉంటే, పని మిగిలినంత కాలం ఆ వాయిదా ఇంకా ఇవ్వవలసిన సొమ్ము కాదు. ఒకరు ముందు చేయవలసింది చేస్తేనే రెండోవారి వంతు వచ్చే ఒప్పందాల్లో, ముందు చేయవలసినవాడు చేయకుండా రెండోవాణ్ణి అడగలేడని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 54వ సెక్షను చెబుతుంది. మీరు నిలబడేది దాని మీదే.

కొన్ని అగ్రిమెంట్లలో "పెయింటింగ్ మొదలయ్యాక 10 శాతం" అని ఉంటుంది. అలా ఉంటే, రంగు మొదలైన రోజే ఆ వాయిదా ఆయనకు రావలసిన సొమ్ము అయిపోయింది. అప్పుడు "వాయిదా ఇంకా రాలేదు" అన్న వాదన నిలవదు. మిగిలిన పనుల విలువ మేరకు ఆపుతున్నామని మాత్రమే రాయగలరు. ఈ తేడా చూసుకోకుండా రాసిన ఉత్తరానికి అవతలి లాయరు మొదటి పేరాలోనే జవాబు చెప్పేస్తాడు.

అగ్రిమెంటే లేదా? చాలా ఇళ్ల సంగతి ఇంతే, తెల్లకాగితం మీద చదరపు అడుగుకు ఇంత అని రాసుకుని పని మొదలుపెడతారు. అప్పుడు ఆ కాగితం, ఆయన ఇచ్చిన కొటేషన్, బ్యాంకు ద్వారా ఇచ్చిన మొత్తాలు, వాట్సాప్ సందేశాలు ఒక్కచోట చేర్చండి. మాట ఎలా కుదిరిందో ఉత్తరంలో మొదటి పేరాలోనే రాయండి. దానికి ఆయన అభ్యంతరం చెప్పకపోతే, తర్వాత "అలా అనుకోలేదు" అనడం ఆయనకు కష్టమవుతుంది.

2. మిగిలిన పనులు వేరు, లోపాలు వేరు

ఉత్తరాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. యజమాని కోపంలో ఇల్లంతా తిరిగి నలభై అంశాలు రాస్తాడు. టైల్స్ వేయకపోవడం, గోడ మీద సన్నటి వెంట్రుక పగులు, స్విచ్చు బోర్డు కాస్త వంకరగా ఉండటం, అన్నీ ఒకే జాబితాలో పడతాయి. అది చదివిన కాంట్రాక్టరుకు ఒక్కటే అనిపిస్తుంది: ఈ జాబితాకు అంతు లేదు, ఈ డబ్బు రాదు. ఇక సైటు మొహం చూడడు.

జాబితాలు రెండు చేయండి. మొదటిది అసలు చేయని, లేదా సగంలో ఆగిన పనులది. డబ్బు ఆపేది వీటికే. రెండోది చేసిన పనిలో కనబడ్డ లోపాలది. లోపాలు సరిచేసే గడువు ఆరు నెలలో ఏడాదో అగ్రిమెంటులో ఉంటే అవి దాని కిందకు వస్తాయి, ఆఖరి వాయిదాను వాటికి ముడిపెట్టకండి. ఇంట్లోకి నీళ్లు దిగే లీకు, షాకు కొట్టే వైరింగు లాంటివి మాత్రం లోపాలైనా మొదటి జాబితాలోనే ఉండాలి. అవి సరికాకుండా పని పూర్తయిందని ఎవరూ అనరు.

ఒక్కో అంశానికీ చోటు, కొలత, అగ్రిమెంటులో ఏ వరుసలో ఉందో, అయిందని ఎలా తేల్చాలో రాయండి. "డాబా పని సరిగా చేయలేదు" అంటే అందులో ఏమీ లేదు. "డాబా 1,000 చదరపు అడుగులు, వాటర్‌ప్రూఫింగ్ కోటు, నీళ్లు గొట్టాల వైపు పారేలా వాటం మాలు వేయలేదు, అగ్రిమెంటు స్పెసిఫికేషన్ 14వ అంశం" అని రాస్తే ఆయన తప్పించుకోలేడు, మీరూ రేపు దాన్ని పెంచలేరు.

తేల్చే పద్ధతి కూడా రాయాలి. "మాకు తృప్తి కలిగాక చెల్లిస్తాం" అని ఎప్పుడూ రాయకండి. మీ తృప్తికి కొలత లేదు, ఆ మాట కోసం ఆయన పని చేయడు. డాబాకైతే ఇలా పెట్టండి: గొట్టాల నోళ్లు గుడ్డతో బిగించి, రెండంగుళాల ఎత్తు నీళ్లు 48 గంటలు నిలబెట్టాలి. కింద స్లాబుకి, గోడ స్లాబుని కలిసే మూలల్లో చెమ్మ కనబడకూడదు. నీళ్లు వదిలాక గంట తర్వాత గుంటలు నిలవకూడదు. బాత్‌రూములో అయితే నేల గొట్టం మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింది గది పైకప్పు చూడండి. పార్కింగ్ టైల్సుకి నాణెంతో తట్టి చూడటమే. డొల్ల శబ్దం వస్తే కింద మాలు నిండలేదని అర్థం, బండి ఎక్కితే అది పగులుతుంది.

ఈ జాబితా రాసే రోజు ఆయన్ని కూడా పిలవండి. రెండ్రోజుల ముందే వాట్సాప్‌లో తేదీ, టైము పెట్టండి. వస్తే ఇద్దరూ కలిసి రాసి సంతకాలు చేయండి, గొడవ సగం అక్కడే పోతుంది. రాకపోతే బయటి సివిల్ ఇంజనీరును పిలిచి కొలిపించి, ఆయన సంతకం తీసుకోండి. ఒక్కో అంశానికి రెండు ఫొటోలు తీయండి, దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి. దగ్గర ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ఇంటి గోడో ఎవరూ చెప్పలేరు.

3. ఎంత ఆపాలి, ఎంత ఇచ్చేయాలి

ఒక లెక్క పట్టుకుందాం. 2,000 చదరపు అడుగుల జి ప్లస్ 1 ఇల్లు. మెటీరియల్‌తో కలిపి అడుగుకు 1,900 చొప్పున మొత్తం 38,00,000 రూపాయలు. ఇచ్చింది 34,20,000. మిగిలిన ఆఖరి వాయిదా 3,80,000, అంటే 10 శాతం. ఇది కాక, మధ్యలో సంపు పెద్దది చేయించినందుకు 45,000 అదనంగా ఒప్పుకున్నారు, ఆ పని అయిపోయింది.

మిగిలిన పనులకు బయట ధర కట్టించాలి. మీరు ఊహించి వేయకండి, ఇద్దరు మేస్త్రీల దగ్గర రాతలో తీసుకోండి. డాబా వాటర్‌ప్రూఫింగ్, వాటం కలిపి 1,000 అడుగులకు 70 చొప్పున 70,000. పై అంతస్తు బాత్‌రూము ఫిట్టింగులు 18,000. పార్కింగ్ టైల్స్ 320 అడుగులు 110 చొప్పున 35,200. బయటి గోడలకు రెండో కోటు 2,400 అడుగులు 12 చొప్పున 28,800. సింహద్వారం పాలిష్, రెండు కిటికీల మెష్ 12,000. మొత్తం 1,64,000. ఈ రేట్లు ఈ ఉదాహరణకే. మీ ఊళ్లో రేటు వేరేగా ఉంటుంది.

ఇక్కడ 1,64,000 పనికి 3,80,000 ఆపుతున్నారు. అగ్రిమెంటు అలా ఉంది కాబట్టి ఆపే హక్కు ఉంది. కానీ మొత్తం బిగబట్టి కూర్చుంటే పని నడవదు. ఆయనకు టైల్స్ కొనడానికి, వాటర్‌ప్రూఫింగ్ మనిషికి అడ్వాన్సు ఇవ్వడానికి చేతిలో డబ్బు కావాలి. అందుకని రెండు పనులు చేయండి.

మొదటిది, సంపు తాలూకు 45,000 ఉత్తరం పంపే రోజే బ్యాంకు ద్వారా ఇచ్చేయండి. రిమార్కులో "సంపు అదనపు పని" అని రాయండి. అయిపోయిన, ఒప్పుకున్న పనికి డబ్బు ఆపితే మీ ఉత్తరం మొత్తం బలం తగ్గుతుంది. ఇస్తే, డబ్బు ఎగ్గొట్టే ఉద్దేశం మీకు లేదనడానికి బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం.

రెండోది, ఆఖరి వాయిదాను రెండు ముక్కలు చేయండి. డాబా, బాత్‌రూము పరీక్షతో సహా అయితే 2,00,000. మిగతా మూడూ అయితే 1,80,000. మొదటి ముక్క ఇచ్చాక కూడా 76,000 విలువైన పనికి మీ చేతిలో 1,80,000 ఉంటుంది. వేరేవాళ్ల చేత చేయించాల్సి వస్తే రేటు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, సగంలో ఉన్న పనిని ఎవడూ మామూలు రేటుకు పట్టుకోడు. ఆ తేడాకు ఇది సరిపోతుంది. డాబాను ముందు పెట్టడానికి కారణం ఉంది: రంగు వేశాక లీకు బయటపడితే రంగు మళ్లీ వేయాలి.

హామీగా రాబోయే తేదీ వేసిన చెక్కు ఇవ్వమని ఆయన అడగవచ్చు. ఇవ్వకండి. పని కాకముందే ఆయన దాన్ని బ్యాంకులో వేస్తే, చెక్కు బౌన్సు కేసులో మీరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. దాని బదులు, టైల్సు, కెమికల్ షాపులో బిల్లు మీరే నేరుగా కట్టి వాయిదాలోంచి తగ్గించుకుంటామని రాయండి. డబ్బు ఇంకో సైటుకు మళ్లిపోతుందన్న మీ భయం, చేతిలో పెట్టుబడి లేదన్న ఆయన ఇబ్బంది, రెండూ తీరతాయి.

4. గడువు పని చూసి వేయండి

"ఏడు రోజుల్లో పూర్తి చేయాలి" అని రాస్తే కటువుగా కనిపిస్తుంది కానీ అది మీకే దెబ్బ. డాబా మీద వాటం మాలుకు రెండ్రోజులు, దాన్ని తడిపి ఉంచడానికి ఏడు రోజులు, నీళ్ల పరీక్షకు రెండ్రోజులు. పదకొండు రోజులు దానికే పోతాయి. ఎవరూ చేయలేని గడువు ఇచ్చారంటే, ఆయన్ని తప్పించడానికే ఇచ్చారంటారు. మూడు వారాలు న్యాయమైన గడువు. సంక్రాంతికి కూలీలు ఊళ్లకు వెళ్తారు, జూలై, ఆగస్టుల్లో బయటి రంగు వానకు ఆగుతుంది, అవి చూసుకుని తేదీలు వేయండి. "మూడు వారాల్లో" అని కాదు, క్యాలెండరు తేదీయే రాయండి. పని మొదలుపెట్టే తేదీ కూడా విడిగా ఉండాలి. ఆ రోజు ఎవరూ రాకపోతే సంగతి మూడు వారాలు ఆగకుండానే తెలిసిపోతుంది.

5. ఉత్తరం

ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. పేరాలకు నంబర్లు వేయండి, జవాబిచ్చేవాడు ఏ పేరాకు జవాబు చెప్పలేదో తెలుస్తుంది. కింది నమూనాలో పై లెక్కే ఉంది.

> తేదీ: 12-01-2026
>
> శ్రీ .................. గారికి, సివిల్ కాంట్రాక్టర్, (అగ్రిమెంటులో ఉన్న చిరునామా)
>
> విషయం: ప్లాట్ నంబరు ......లో ఇంటి నిర్మాణం, 10-02-2025 నాటి అగ్రిమెంటు, మిగిలిన పనులు, ఆఖరి వాయిదా చెల్లింపు.
>
> అయ్యా,
>
> 1. పై అగ్రిమెంటు ప్రకారం మొత్తం రూ. 38,00,000లో ఇప్పటివరకు రూ. 34,20,000 మీకు చెల్లించాము. చెల్లింపుల వివరం జతచేశాము. సంపు అదనపు పని తాలూకు రూ. 45,000 ఈ రోజు మీ బ్యాంకు ఖాతాకు పంపాము.
>
> 2. ఆఖరి వాయిదా రూ. 3,80,000 అన్ని పనులు పూర్తయి ఇల్లు అప్పగించాక చెల్లించాలని అగ్రిమెంటు 6వ షరతు. 10-01-2026న ఉదయం 10 గంటలకు కలిసి చూద్దామని 08-01-2026న మీకు వాట్సాప్ చేశాము. మీరు రాలేదు. ఇంజనీరు సమక్షంలో కొలిచి రాసిన జాబితా ప్రకారం జాబితా-1లోని అయిదు పనులు మిగిలి ఉన్నాయి. అందువల్ల ఆఖరి వాయిదా ప్రస్తుతం ఆపి ఉంచాము.
>
> 3. 07-11-2025న ముహూర్తం కారణంగా గృహప్రవేశం చేసుకున్నాము. దాన్ని పనులు పూర్తయినట్టు మేము ఒప్పుకున్నట్టుగా భావించవద్దు.
>
> 4. దయచేసి 19-01-2026లోపు పని మొదలుపెట్టి, 09-02-2026లోపు పూర్తి చేయగలరు. ఆదివారాలతో సహా ప్రతిరోజూ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు సైటు తెరిచి ఉంటుంది. నీళ్లు, కరెంటు మేము ఇస్తాము.
>
> 5. చెల్లింపు: (అ) జాబితాలోని 1, 2 పనులు అక్కడ రాసిన పరీక్షతో పూర్తయిన 3 రోజుల్లో రూ. 2,00,000. (ఆ) 3, 4, 5 పనులు పూర్తయిన 3 రోజుల్లో మిగిలిన రూ. 1,80,000. ఏ పని పూర్తయినా మీరు ఫోన్ లేదా వాట్సాప్ చేసిన 2 రోజుల్లో వచ్చి చూస్తాము. మీరు కోరితే మెటీరియల్ బిల్లు షాపుకు నేరుగా కట్టి పై మొత్తంలో తగ్గించుకుంటాము.
>
> 6. ఈ వాయిదా కోసం జాబితా-1కి కొత్త పనులు చేర్చము. చేసిన పనిలో కనబడిన చిన్న లోపాలు జాబితా-2లో ఉన్నాయి. వాటిని అగ్రిమెంటు 9వ షరతు ప్రకారం గడువులోపు సరిచేయగలరు. వాటి కోసం ఈ సొమ్ము ఆపడం లేదు.
>
> 7. జాబితాలో ఏ పనైనా మీ ఒప్పందంలో లేదని మీరనుకుంటే, ఏ పనో, ఎందుకో 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు. మిగతా పనులు ఆపవద్దని కోరుతున్నాము.
>
> 8. పై తేదీల్లోపు పని జరగకపోతే, మీకు మరో నోటీసు ఇచ్చి వేరేవారితో చేయించి, అయిన ఖర్చు ఈ మొత్తంలోంచి తగ్గించుకోవలసి వస్తుంది.
>
> ఇట్లు, (సంతకం)
>
> జతలు: చెల్లింపుల వివరం, జాబితా-1, జాబితా-2, ఫొటోలు.

దీనిలో నాలుగు పేరాల వెనక సంగతి తెలుసుకోవాలి.

మూడో పేరా గృహప్రవేశం గురించి. మన దగ్గర ముహూర్తం పనికోసం ఆగదు. పాలు పొంగించిన రోజే ఇల్లు అప్పగించినట్టని కాంట్రాక్టరు తరఫు వాళ్లు వాదిస్తారు. అందుకే ఆ వాక్యం. ఆలస్యానికి నష్టపరిహారం అడగాలనుకుంటే దాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. గడువు ముఖ్యమైన ఒప్పందంలో, ఆలస్యంగా చేసిన పనిని తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పకపోతే తర్వాత అడగడానికి లేదని కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను అంటుంది. మా సలహా మాత్రం వేరు: ఆలస్యం వల్ల అద్దె కట్టి మరీ ఎక్కువ నష్టపోతే తప్ప, "ఈ తేదీకి పూర్తిచేస్తే ఆలస్యం గురించి ఏమీ అడగం" అని రాయండి. కోర్టులో తెచ్చుకునే పరిహారం కన్నా ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.

నాలుగో పేరాలో సైటు తెరిచి ఉంటుందన్న మాట ఊరికే రాసింది కాదు. మీరే గేటుకు తాళం వేశారనో, సెంట్రింగు రేకులు, మిక్సరు పట్టుకున్నారనో ఆయన అంటే కథ తిరగబడుతుంది. అవతలివాణ్ణి పని చేయనివ్వకపోతే ఆయన ఒప్పందాన్ని రద్దు చేసుకుని నష్టం కూడా అడగవచ్చని 53వ సెక్షను. ఆయన సామాను సైటులో ఉంటే, వచ్చి తీసుకోవచ్చని కూడా రాసేయండి. సామాను పట్టుకుంటే వస్తాడనుకునేవాళ్లు చాలామంది. ఆయన పోలీసు స్టేషనుకు వెళ్తాడు.

రెండు, అయిదు పేరాల్లో 3,80,000 అని మీరే రాసిచ్చారు. ఇది ఒప్పుకోలు. సంతకంతో బాకీ ఒప్పుకుంటే దాన్ని వసూలు చేసుకునే మూడేళ్ల కాలపరిమితి ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుందని 1963 నాటి కాలపరిమితి చట్టం 18వ సెక్షను. "ఇప్పుడివ్వం" అని రాసినా అది ఒప్పుకోలే. భయపడి అంకె దాచాల్సిన పని లేదు, అంకె లేకపోతే ఆయన నమ్మడు. కానీ ఒట్టి "మీకు 3,80,000 బాకీ ఉన్నాము" అని ఎక్కడా రాయకండి. ప్రతిచోటా పని పూర్తయితే ఇచ్చే సొమ్ము అని ఆ వాక్యంలోనే ఉండాలి.

ఉత్తరం పైన "వితవుట్ ప్రిజుడిస్" అని కొట్టే అలవాటు కొందరిది. రాజీ మాటలకు పెట్టే ముద్ర అది. అది ఉంటే అవతలివాళ్లు ఈ ఉత్తరాన్ని సాక్ష్యంగా తేనివ్వకూడదని వాదిస్తారు. ఈ ఉత్తరాన్ని మీరే రేపు చూపించాలి కాబట్టి ఆ మాట వేయకండి. చీటింగు, మోసం, క్రిమినల్ కేసు అన్న మాటలు కూడా వద్దు. పని సగంలో ఆపడం మామూలుగా సివిల్ తగాదాయే. ఆ మాటలు చదివితే ఆయన మేస్త్రీని పిలవడం మానేసి లాయరు దగ్గరకు పోతాడు.

6. పంపడం

మూడు దారుల్లోనూ పంపండి. ఒక కాపీ చేతికిచ్చి, రెండో కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే బలవంతం చేయకండి. ఉత్తరం, జతలు కలిపి పీడీఎఫ్‌గా ఆయన వాట్సాప్‌కి పంపండి, మీ ఫోను మార్చినా ఆ సంభాషణ పోకుండా చూసుకోండి. తర్వాత పోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి కౌంటరులో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషను, డెలివరీ రుజువు అడిగి తీసుకోండి. అగ్రిమెంటులోని చిరునామాకు ఒకటి, ఆయన ఇప్పుడుంటున్న ఇల్లు తెలిస్తే దానికి ఇంకొకటి. "తీసుకోలేదు" అని తిరిగొస్తే ఆ కవరు విప్పకండి. పోస్ట్‌మాన్ రాసిన మాటతో సహా అలాగే దాచండి, పంపినదానికి రుజువు అదే.

కాంట్రాక్టరుది ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న సంస్థ అయితే ఉత్తరం ఆలస్యం చేయకండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, సేవ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తర్వాత చెల్లింపు ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగవచ్చు. అభ్యంతరం చెబితే, అది తీరిన రోజు నుంచే చెల్లింపు గడువు నడుస్తుంది. కట్టడం పనులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్నదానిలో కోర్టుల తీర్పులు ఒకే తీరుగా లేవు. అందుకని పదిహేను రోజుల్లోపు రాసేయడమే మేలు.

7. జవాబు ఎలా వస్తే ఏం చేయాలి

ఎక్కువసార్లు వచ్చేది ఫోను. "ఉత్తరాలెందుకు సార్, నేను చేయనన్నానా?" అంటాడు. మంచిదే. మాట్లాడండి, మాట్లాడాక "ఫోన్లో అనుకున్నట్టు సోమవారం వాటర్‌ప్రూఫింగ్ మనుషులు వస్తారు" అని వాట్సాప్ పెట్టండి. ఆ ఒక్క లైను చాలు.

"సగం ఇస్తేనే పని" అంటే, మెటీరియల్ షాపుకు నేరుగా కట్టే దారి గుర్తుచేయండి. కూలి కోసం అడిగితే ఏ రోజు పని ఆ రోజు సాయంత్రం చూసి, మేస్త్రీకి ఆయన ఎదుటే ఇవ్వవచ్చు. ఆయన నుంచి రసీదు తీసుకోండి, మేస్త్రీ నుంచి కాదు. మేస్త్రీకి నేరుగా ఇచ్చి రసీదు లేకపోతే, ఆ డబ్బు ఆఖరి వాయిదా కిందదని రేపు ఎవరూ ఒప్పుకోరు.

"పార్కింగ్ టైల్స్ నా ఒప్పందంలో లేవు" అంటే స్పెసిఫికేషను తీసి చూడండి. అందులో "ఫ్లోరింగ్" అని మాత్రమే ఉండి పార్కింగ్ గురించి లేకపోతే ఆయన మాటలో బలం ఉంది. అప్పుడు 35,200 పక్కన పెట్టి, మిగతా పనులు అయితే ఆ విలువ తగ్గించి మిగతాది ఇస్తామని రాయండి. ఒక్క అంశం తగాదాకు మొత్తం ఆగిపోతే నష్టపోయేది డాబా మీద వాన పడే ఇంటివాళ్లే.

పని అయిపోయిందని కబురు వస్తే రెండ్రోజుల్లో వెళ్లండి. జాబితా కాగితమే పట్టుకెళ్లి, ఒక్కో అంశం ఎదుట "అయింది" అని రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. డబ్బు అన్నమాట ప్రకారం వెయ్యండి, మూడో రోజు దాటితే ఇంత జాగ్రత్తగా రాసిన ఉత్తరం మీకే ఎదురు తిరుగుతుంది. రసీదులో "10-02-2025 అగ్రిమెంటు, సంపు అదనపు పనితో సహా మొత్తం సొమ్ము అందింది, ఇక రావలసింది లేదు, 9వ షరతు కింద లోపాలు సరిచేసే బాధ్యత కొనసాగుతుంది" అని రాయించండి. ఈ ఆఖరి ముక్క లేకపోతే జాబితా-2 గాలికి పోయినట్టే.

ఏ జవాబూ లేక 19వ తేదీ దాటితే ఎదురుచూడండి, 9వ తేదీ దాకా ఆయన సమయమే. అది కూడా దాటితే రెండో నోటీసు ఇవ్వండి: ఫలానా తేదీన మిగిలిన పని కొలుస్తున్నాం, రండి, 15 రోజుల తర్వాత వేరేవాళ్ల చేత చేయిస్తాం అని. కొత్త మేస్త్రీ చేయి వేయకముందే ఇంజనీరుతో కొలతలు, ఫొటోలు, వీడియో పూర్తి కావాలి. కొత్త పని కలిసిపోయాక పాతవాడు ఎక్కడ ఆపాడో ఎవరూ చెప్పలేరు. అగ్రిమెంటులో రాసిన రకం టైల్సే, అదే కంపెనీ రంగే వాడండి. 320 అడుగుల పార్కింగుకు గ్రానైటు వేయించి ఆ ఖర్చు ఆయన మీద వేస్తే ఒప్పుకోరు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కింద వచ్చేది అసలు నష్టమే, అదీ మీరు పెంచుకోకుండా చూసుకున్న మేరకే.

పై లెక్కలో వేరేవాళ్లకు 1,64,000 బదులు 1,90,000 అయిందనుకోండి. బిల్లులు, బ్యాంకు రుజువులు జతచేసి, 3,80,000లోంచి అది పోగా 1,90,000 మీకు ఇస్తామని, వచ్చి రసీదిచ్చి తీసుకోమని మూడో ఉత్తరం రాయండి. పని ఆయన పూర్తి చేయలేదు కదా అని మొత్తం ఉంచేసుకోవడానికి మనసు లాగుతుంది. కానీ తొంభై పాళ్లు పని చేసిన మనిషి కోర్టుకెళ్తే అడిగేది సరిగ్గా ఈ 1,90,000 గురించే.